రైట్‌రైట్ మామయ్య ఎక్కిన రైలు

బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయిన ఆయన్ని వీధి మొత్తం రైట్‌రైట్ మామయ్య అనే పిలిచేది. టికెట్ తీసుకోని మనిషిని వెనక నుంచి చూసి కూడా పట్టేస్తానని ఆయన గొప్ప. ఉద్యోగం పోయినా ఆ చూపు మాత్రం పోలేదు. పాలవాడు పాత్ర వంచే తీరు చూసి పెదవి విరిచేవాడు. ఇస్త్రీ వాడు నవ్వితే చొక్కా లెక్క చూసుకునేవాడు. ఇన్నేళ్ళయినా ఆయన తేల్చుకోలేకపోయిన మనిషి ఒక్కతే, సొంత కోడలు.

ఆమె ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కొడుకు దూరంగా ఎక్కడో క్రేన్ నడుపుతూ నెలకోసారి వచ్చిపోయేవాడు. కాబట్టి రోజంతా ఆ ఇంట్లో ఎదురుబొదురుగా ఉండేది మామ, కోడలు మాత్రమే. ఆమె నెమ్మదస్తురాలు, ఎదురు చెప్పదు. ఎదురు చెప్పని ప్రయాణికుడే ఎక్కువ ప్రమాదం అన్నది మామయ్య అనుభవం.

మామయ్య అక్కకి కంటి ఆపరేషన్ అని కబురొచ్చింది. మామయ్యది నొక్కుడు బటన్ల ఫోను. అందుకని కోడలే తన ఫోన్లో రైలు టికెట్ తీసింది. ఆయన డబ్బు ఆమె చేతిలో పెట్టాడు. పెట్టాక, కాగితం లేని టికెట్ ఏం టికెట్ అని పట్టుబట్టి ప్రింటు కూడా తీయించుకున్నాడు.

ప్రయాణం రోజున ఆయన ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడో లేదో రైలు ఆలస్యమన్నారు. గంట అన్నారు, రెండన్నారు, ఆఖరికి ఆలస్యం నాలుగు గంటలు దాటుతుందన్నారు. కోడలు ఫోన్ చేసింది.

"మామయ్యా, మూడు గంటలు దాటి ఆలస్యమైతే, మనం ఎక్కకపోతే మొత్తం డబ్బు తిరిగి ఇస్తారట. కాకపోతే రైలు బయల్దేరకముందే ఫోన్లో దరఖాస్తు పెట్టాలి. నేను పెడతాను. మీకు బస్సులో సీటు తీశాను, పక్కనే బస్టాండు. నాలుగింటికి."

"డబ్బు ఎవరి చేతికొస్తుందమ్మా?"

"టికెట్‌కి కట్టిన ఖాతాలోకే వేస్తారు మామయ్యా. అంటే నా ఖాతాలోకి."

మామయ్య గుండెలో ఏదో గంట కొట్టింది. తన నోట్లు ఆమెకిచ్చాడు, ఇప్పుడవి ఆమె ఖాతాలో చేరతాయి. ఇక ఆ దరఖాస్తు పెట్టిందో లేదో, వచ్చిందో లేదో ఎవడు చూడొచ్చాడు?

కౌంటర్ దగ్గరికి వెళ్ళి తన ప్రింటు కాగితం కిటికీలోకి తోశాడు. లోపలున్నావిడ చూసి వెనక్కి తోసింది.

"ఆన్‌లైన్‌లో తీసిన టికెట్‌కి ఇక్కడ డబ్బివ్వం. ఏ లాగిన్‌తో తీశారో దాంట్లోనే పెట్టాలి. కట్టిన ఖాతాకే వెళ్తుంది."

"వెంటనే వస్తుందా?"

"రైలే రద్దయితే దరఖాస్తు లేకుండా దానంతటదే వస్తుంది. ఇది ఆలస్యం. మీరు నిజంగా ఎక్కలేదని టీసీ లెక్కలో చూసి ఇస్తారు. రోజులు పడుతుంది."

ఆవిడ చెప్పినదీ కోడలు చెప్పినదీ అచ్చంగా ఒకటే. ఇంత బాగా కలిసిందంటే ఇంకెంత లోతుందోనని మామయ్య అనుమానం ఇంకో మెట్టెక్కింది. కోడలికి ఫోన్ చేసి "పెట్టెయ్యమ్మా" అన్నాడు. కాసేపటికి "పెట్టేశాను మామయ్యా, ఇక బస్టాండుకి వెళ్ళండి" అందామె.

ఆయన వెళ్ళలేదు. బెంచీ మీదే కూర్చుని ఫోన్ కట్టేశాడు. కండక్టరు బుర్రతో ఆలోచించాడు. తిరిగిచ్చేసిన టికెట్ చెల్లదు. కోడలు నిజంగా దరఖాస్తు పెట్టి ఉంటే టీసీ తనని దింపేస్తాడు. దింపకపోతే ఆమె పెట్టలేదన్నమాట. అంతకంటే తేలికైన తనిఖీ ఏముంటుంది?

రైలొచ్చింది. మామయ్య ఎక్కి తన సీట్లోనే కూర్చున్నాడు. టీసీ వచ్చి గుర్తింపు కార్డు చూశాడు, చేతిలోని పలకలాంటి దానిమీద పేరు వెతికి వేలితో నొక్కి ముందుకెళ్ళిపోయాడు. దింపలేదు.

మామయ్య వీపు నిటారు చేసుకుని కూర్చున్నాడు. దొరికింది. ఇన్నేళ్ళకి దొరికింది. సంతోషించాలి కదా, కానీ ఆమె పెట్టే కాఫీ గుర్తొచ్చింది. చేదుగా గుర్తొచ్చింది.

అక్క ఇంటికి చేరాక ఫోన్ తెరిస్తే కోడలే చేసింది. ఆయన మోకాలి పట్టీ మరిచిపోయాడట. అది పట్టుకుని బస్టాండుకి వెళ్ళి, బస్సు కదిలేదాకా దాని గుమ్మం దగ్గరే నిలబడిందట.

"మీరు కనపడకపోతే నా ప్రాణం పోయిందనుకోండి. ఎలా వెళ్ళారు మామయ్యా?"

టికెట్ లేనివాడికి పట్టుకున్నామని ముందే చెప్పకూడదు, వాడే కథ చెప్పి ఇరుక్కోవాలి. అది ఆయన పాత పద్ధతి.

"నడిచి వెళ్ళేసరికి ఆ బస్సు వెళ్ళిపోయింది. తర్వాత బస్సులో వచ్చాను."

"పోనీలెండి, చేరారు, చాలు," అందామె.

అక్క కన్ను బాగయింది. మామయ్య తిరిగొచ్చిన రోజునే కోడలు మిషన్ సొరుగు తీసి టికెట్ డబ్బు ఆయన ముందు పెట్టింది.

"రైల్వే వాళ్ళు ఎప్పుడిస్తారో. అప్పటిదాకా మీరెందుకు ఆగాలి? వచ్చాక నేను సర్దుకుంటాను."

మామయ్య తీసుకున్నాడు. పట్టుబడతానని భయపడి ముందే కట్టేస్తోందనుకున్నాడు. ముందే కట్టేసేంత తెలివిగలదని పక్కింటి వాచీ రిపేరాయనతో కూడా అన్నాడు. ఆయన కళ్ళద్దంలోంచి పైకి చూసి, "ఏమో సార్, నాకైతే ఎవరూ ముందే కట్టలేదు" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

వారాలు గడిచాయి. ఒక సాయంత్రం మిషన్ చప్పుడు మధ్యలో ఆగిపోయింది. కోడలు ఫోన్ పట్టుకుని వచ్చింది.

"మామయ్యా, దరఖాస్తు తిప్పికొట్టారు. ప్రయాణికుడు ప్రయాణం చేశాడు, టీసీ లెక్కలో ఉంది అని రాశారు."

మామయ్య చేతిలో పేపరు అలాగే ఉండిపోయింది. తిప్పికొట్టాలంటే ముందు పెట్టి ఉండాలి. పెట్టింది. ఆ రోజే, ఫోన్లో చెప్పిన వెంటనే పెట్టింది. టీసీ దింపకపోవడానికి కారణం, పేరు జాబితాలోంచి పోకపోవడమే. దరఖాస్తు దరఖాస్తే, టికెట్ తిరిగివ్వడం కాదు. ఆ రోజు టీసీ వేలితో నొక్కింది తన పేరు మీదే, ఎక్కాడని.

"వాళ్ళే ఎక్కడో పొరబడ్డారు," కోడలు అంటోంది. "మీ సీట్లో ఇంకెవరో కూర్చుని ఉంటారు. మీరు బస్సులో వెళ్ళారుగా. మళ్ళీ రాస్తాను. మా మామయ్య ఎక్కలేదు, ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు అని రాస్తాను."

ఆమె ముఖంలోకి చూశాడు. చొక్కా, పాలు, చిల్లర, ఎన్ని ముఖాలు చూశాడో ఆయన. ఈ ముఖంలో వెతకడానికి ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. 

ఆమె అప్పటికే టైపు చేయడం మొదలుపెట్టింది.

"రాయకమ్మా," అన్నాడు. ఆమె ఆపలేదు, మళ్ళీ అన్నాడు. "రాయకు. వాళ్ళు సరిగ్గానే చూశారు. ఆ సీట్లో కూర్చున్నది నేనే."

కోడలి వేలు ఫోన్ మీద ఆగిపోయింది.

"మరి బస్సు అన్నారు..."

"నువ్వు పెట్టావో లేదోనని ఎక్కాను."

ఆమె వెనక్కి వెళ్ళి ఫోన్ తిరగేసి మిషన్ మీద పెట్టింది. మామయ్య లోపలికెళ్ళి ఆమె ఇచ్చిన డబ్బు తెచ్చి సొరుగు దగ్గర పెట్టాడు. ఆమె దాన్ని చూడలేదు.

"బస్టాండులో చీకటి పడేదాకా ఉన్నాను మామయ్యా," అంది చివరికి. "వచ్చిన ప్రతి మనిషినీ మీరేమో అని చూశాను. తర్వాత బస్సన్నారు కదా, జనంలో నేనే పోల్చుకోలేదనుకున్నాను."

మిషన్ మళ్ళీ మొదలైంది. మామయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఎవరినైనా పట్టుకున్నాక ఏం చేయాలో ఆయనకి ఎప్పుడూ తెలుసు. ఈసారి తెలియలేదు.