ఓడలో ఉన్న మనిషి, ఊళ్ళో ఉన్న బిల్లు

మా ఆయన ఓడలో ఇంజిన్ గదిలో పనిచేసేవారు. బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం చివరి ఏళ్ళవి. ఖిదిర్‌పూర్‌లో ఓడలు ఆగే డాక్ పక్కన రెండు గదుల ఇంట్లో నేనూ మా అత్తగారూ ఉండేవాళ్ళం. ఆయన ఓడెక్కితే నెలల తరబడి మాటే ఉండదు. ఏదైనా రేవు చేరితే ఫోన్ వచ్చేది, లేకపోతే లేదు. క్రెడిట్ కార్డు ఆయన పేరున ఉండేది. దాన్ని ఆయన వెంట తీసుకెళ్ళేవారు. బిల్లు మాత్రం ఇంటికి వచ్చేది.

ఆ నెల బిల్లు విప్పి చూస్తే ఒక విదేశీ వెబ్‌సైటులో విమానం టికెట్లు, వెంటనే ఒక హోటల్ బుకింగ్ కనిపించాయి. అవి కొని అప్పటికే వారం పైన అయిపోయింది. కార్డు వాడినప్పుడల్లా వచ్చే మెసేజ్ ఆయన ఫోనుకే వెళ్తుంది, సముద్రంలో ఆ ఫోను పలకదు.

ఇది దొంగ పని కావచ్చని మొదట నాకు తట్టలేదు. హోటల్ అన్న మాట దగ్గరే కళ్ళు ఆగిపోయాయి. ఎవరి కోసం ఈ టికెట్లు? అత్తగారికి చెప్పలేదు. ఆవిడ కూరగాయలు తరుగుతూ ‘ఏటే అలగున్నావు?’ అంటే, తలనొప్పి అన్నాను.

కార్డు ఆపించేస్తే పరాయి రేవులో ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఆపించకపోతే? ఈ ఊగిసలాటలోనే రెండు రోజులు పోయాయి. చివరికి ఆయన కంపెనీ ఏజెంటు ఆఫీసుకు వెళ్ళి ఓడకు ఈమెయిల్ పంపమన్నాను. అది కెప్టెన్ కంప్యూటరుకే వెళ్తుంది, అందరూ చదువుతారు. అందుకని ఒక్కటే అడిగాను: ‘కార్డు మీ దగ్గరే ఉందా?’ మర్నాడు జవాబు వచ్చింది: ‘ఉంది. ఎందుకు?’ ఆ ‘ఎందుకు’ను కూడా ఎన్ని రకాలుగా చదువుకున్నానో.

కార్డు ఆయన దగ్గరే ఉన్నా దాని నంబరు ఎవరి చేతిలోనైనా పడి ఉండొచ్చని, ఆ సాయంత్రమే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించాను. వాళ్ళు ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మర్నాడు భవానీపూర్ బ్రాంచికి వెళ్తే, అక్కడి ఆఫీసరు బెంగాలీలో అడిగిన మొదటి ప్రశ్న నేను నాలోనే వేసుకున్నది.

‘దీదీ, ఆయన విదేశాల్లో ఉన్నారంటున్నారు. ఆయనే కొని ఉండొచ్చు కదా?’

‘ఓడలో ఉన్నారు. సముద్రం మధ్య హోటలేమిటి?’ అన్నాను. నా మాట నాకే బలంగా వినిపించలేదు.

‘మీరు ఫోన్ చేశాక పడ్డ వాటి బాధ్యత మాది. అంతకు ముందువి ఆయనవి కావని ఆయనే రాసి సంతకం పెట్టాలి. బిల్లు తేదీ నుంచి ముప్పై రోజుల్లోపు మాకు అందాలి. ఆ తరవాత వస్తే ఒప్పుకున్నట్టే.’

సంతకం పెట్టాల్సిన మనిషి నీళ్ళ మీద ఉన్నాడు. గడువు దాటడానికి ఇంకా ఎక్కువ రోజులు లేవు. ఓడ తరువాతి రేవు చేరగానే ఆయన ఫోన్ చేశారు. జరిగింది చెప్పాను, హోటల్ సంగతి చివరికి ఉంచాను.

‘కార్డు ఉందా అని అడిగింది ఇందుకేటి? నేనే అనుకున్నావా?’

‘అనుకోలేదు.’

‘అనుకున్నావులే. కాయితం పంపు, సంతకం పెడతాను.’

ఏజెంటు ఆఫీసు ఫారాన్ని ఆ రేవుకు ఫ్యాక్స్ చేసింది. ఆయన సంతకంతో పాటు ఆ రోజుల్లో ఓడ సముద్రంలోనే ఉందని కెప్టెన్ ఇచ్చిన చీటీ కూడా వచ్చింది. రెండూ పట్టుకుని గడువులోపే బ్రాంచిలో ఇచ్చాను. అందినట్టు ముద్ర వేసేదాకా కౌంటరు వదల్లేదు.

నేను ఫోన్ చేసిన తరువాత కూడా ఒక కొనుగోలు పడిందట, దాన్ని బ్యాంకు పేచీ లేకుండా తీసేసింది. మిగతా వాటి డబ్బు తాత్కాలికంగా ఖాతాలో వెనక్కి వేసి విచారించారు. ఆ వెబ్‌సైటు వాళ్ళు ఆయన కొన్నట్టు రుజువు చూపలేకపోయారు, దాంతో అవీ కొట్టేశారు. టికెట్లు మాకు ముక్కూ మొహం తెలియని ఎవరో ఇద్దరి పేర్ల మీద ఉన్నాయట. ఆ రెండు పేర్లూ ఆఫీసరు చేత మళ్ళీ ఒకసారి చదివించుకున్నాను.

ఒక్కటి మాత్రం పోయింది. పాత బిల్లులో అదే వెబ్‌సైటు పేరున ఒక చిన్న మొత్తం ఉంది. నేను గమనించకుండానే కట్టేశాను. దొంగలు ముందు ఇలా చిన్నది వేసి కార్డు పనిచేస్తోందో లేదో చూస్తారని ఆఫీసరే చెప్పాడు. ఎంత వాదించినా దాని గడువు ముగిసిందన్నాడు. ఆ కార్డు ఎక్కడ, ఎవరి కంట పడిందో ఎవరూ తేల్చలేదు.

సెలవుకు వచ్చిన రోజు బ్యాంకు ఇంటికి పంపిన కొత్త కార్డును ఆయన కవరులోంచి తీసి నా ముందు పెట్టారు.

‘ఇక నీ దగ్గరే ఉంచు,’ అన్నారు.

నమ్మకంతో ఇచ్చారా, నొచ్చుకుని ఇచ్చారా? ముఖం చూశాను, తెలియలేదు. అత్తగారు అన్నానికి పిలుస్తున్నారు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు.