పదో మనిషి

తమ్ముడు బల్ల మీద పడేసిన నిబంధనల పుస్తకాన్ని తప్పులక్క రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి చూసింది. నూట పద్దెనిమిది పేజీలు. తినే వస్తువులు తయారుచేసే చోట్ల శుభ్రత గురించి కొత్తగా వచ్చిన నిబంధనలు. మొదటి వాక్యమే పేజీన్నర సాగింది.

"వీడెవడో ఫుల్‌స్టాప్ పెట్టడానికి సొంత డబ్బులు ఖర్చవుతాయనుకున్నాడు" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి ఆవిడ. ప్రభుత్వ ప్రకటనలన్నీ అక్కడే అచ్చయ్యేవి. మంత్రి ఉత్తర్వయినా, మున్సిపాలిటీ నోటీసయినా ముందు ఆవిడ ఎర్రసిరా కిందికి రావలసిందే. ఎదురుగా ఏ కాగితం ఉన్నా తప్పు పట్టకుండా ఉండలేదు కాబట్టి వీధంతా తప్పులక్క అంటారు. పదవీ విరమణ తర్వాత ఇంట్లో దిద్దడానికి గోడలు తప్ప ఏమీ మిగల్లేదు. మనిషి లోలోపల ఎండిపోతోందని ఎవరూ గమనించలేదు, ఆవిడా చెప్పుకోలేదు. తమ్ముడి బేకరీకి ఈ గండం రావడం ఆవిడకి పండగలా అనిపించింది. ఆ సంగతి మాత్రం ఒప్పుకోదు.

గండం చిన్నదేమీ కాదు. ఈ నిబంధనల ప్రకారం నడుస్తున్నామని ఫారం నింపి సంతకం పెడితేనే లైసెన్సు రెన్యూ అవుతుంది. అందులో అబద్ధం రాసి దొరికితే లైసెన్సు రద్దు. తమ్ముడు అప్పటికే ఒక కన్సల్టెంటుని పట్టుకున్నాడు. ఆ మహానుభావుడు అరవై నాలుగు అంశాల పట్టిక ఇచ్చి పోయాడు. "శీతల నిల్వ తగిన ఉష్ణోగ్రతలో ఉండునట్లు చూచుకొనవలెను." పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి.

"తగిన అంటే ఎంతరా?" అని అడిగింది.

"తగినంత అక్కా."

"ఈయన పుస్తకంలో వాక్యాలు కోసి, పక్కన గళ్ళు గీసి నీ చెవిలో పువ్వు పెట్టాడు. నువ్వు గంగిరెద్దులా తలాడించావు."

ఆవిడ పుస్తకాన్ని వెనక నుంచి చదవడం మొదలెట్టింది. రాసినవాళ్ళకి సిగ్గుండదు గనక అసలు అంకెలన్నీ చివర షెడ్యూళ్ళలో దాస్తారని ఆవిడకి అనుభవం. పదిహేడో నిబంధనలోని "తగిన ఉష్ణోగ్రత" మూడో షెడ్యూలులో దొరికింది: అయిదు డిగ్రీలు, అంతకు లోపు. అక్కడి నుంచి ముందుకొచ్చి, ఏ మాటకి ఏ అర్థమో చెప్పే పేజీలు చూసింది. ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి మినహాయింపో గుర్తు పెట్టుకుంది. పాలు పితికే చోట్లకీ, మాంసం కొట్లకీ చెందిన నలభై పేజీల్ని ఒక్క అడ్డగీతతో కొట్టేసింది. ఆ గీత గీసినప్పుడు ఆవిడ మొహంలో వెలుగు చూడాలి.

మిగిలినదానికి అయిదు నిలువు గళ్ళు గీసింది: ఏ నిబంధన, ఏం చెయ్యాలి, ఎప్పుడు, ఎవరు, చేసినట్టు రుజువుగా ఏం మిగులుతుంది. కన్సల్టెంటు ఇచ్చిన అరవై నాలుగూ ఇరవై రెండయ్యాయి. తన పనితనానికి తనే మురిసిపోతూ తీసుకెళ్ళి బేకరీ గోడకి అంటించింది.

ఓవెన్ మేస్త్రి చదివి పళ్ళికిలించాడు. "పొద్దున ఆరింటికి ఫ్రిజ్జు డిగ్రీలు నేను చూసి రాయాలా అక్కగారూ? ఆరింటికి నా చేతులు మోచేతుల దాకా పిండిలో ఉంటాయి. పెన్ను నోటితో పట్టుకోమంటారా?"

బేకరీలో కాలు పెట్టకుండా బేకరీకి పట్టిక రాసినందుకు ఆవిడ తనని తానే తిట్టుకుంది. కన్సల్టెంటు కూడా చేసింది ఇదేగా! ఆ రోజు నుంచి రోజూ వచ్చింది. పిండి కలిపేవాళ్ళిద్దరి దగ్గరా, ప్యాకింగువాళ్ళిద్దరి దగ్గరా నిలబడి ఎవరి చేతులు ఎప్పుడు ఖాళీయో చూసింది. ఫ్రిజ్జు వంతు కౌంటరు అమ్మాయికి వెళ్ళింది: షాపు తెరవగానే ఒకసారి, మూసే ముందు ఒకసారి. చూసిన అంకె రాయాలి, ఉత్త టిక్కు పనికిరాదు. అయిదు దాటితే క్రీము కేకులు అమ్మకుండా పక్కన పెట్టి ఓనరుకి చెప్పాలి. నేల కడిగే ఆమెకి చదవడం రాదు కాబట్టి ఆమె వంతు బొమ్మలతో గీసింది. ప్రతి శనివారం కాగితాలన్నీ సరిచూసి "చూశాను" అని సంతకం పెట్టే పని తనే తీసుకుంది.

ఆరు వారాలు గడిచాయి. సోమవారం ఫారం ఇచ్చెయ్యాలి. శనివారం మధ్యాహ్నం అక్కా, తమ్ముడూ, మరదలూ బేకరీ లోపలి గదిలో, పట్టిక అంటించిన గోడ పక్కనే కూర్చున్నారు.

"పనిచేసే వ్యక్తుల సంఖ్య" అని చదివింది అక్క.

"ఏడు" అన్నాడు తమ్ముడు. "కన్సల్టెంటు చెప్పాడు. పది లోపుంటే నాలుగో అధ్యాయం మనకి లేదు."

"కాకిలెక్కలు. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, యజమానితో సహా పనిచేసే ప్రతి వ్యక్తీ అని ఆరో పేజీలో ఉంది. నువ్వూ నీ పెళ్ళామూ కలిస్తే తొమ్మిది."

"తొమ్మిదైనా పది లోపేగా!" అని మరదలు ఊపిరి పీల్చుకుంది.

ఆవిడ గోడ మీది పట్టికలో "ఎవరు" అన్న గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. చివరి వరసలో వేలు ఆగిపోయింది. అక్కడున్నది తన పేరే.

"పది" అంది.

తమ్ముడి మొహం మాడిపోయింది. నాలుగో అధ్యాయమంటే రాతపూర్వక ప్రణాళిక, ఆరు నెలలకోసారి నీళ్ళ పరీక్ష, శిక్షణ పొందిన బాధ్యుడొకడు. "నువ్వు ఇంటి మనిషివక్కా! నిన్నెవడు లెక్కలో వేస్తాడు?"

ఆ మాట ఆవిడకి ఎక్కడో గుచ్చుకుంది. వాడు అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"పోనీ, రేపట్నుంచి నువ్వు రాకు. తొమ్మిదైపోతాం."

మరదలు తల దించుకుంది. ఆరు వారాలు ఊడిగం చేయించుకుని, ఒక అంకె తగ్గుతుందని అక్కని గడప దాటించే తమ్ముడు! వాడి మొహం చూడాలంటేనే ఆవిడకి అసహ్యమేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలి? మళ్ళీ ఆ గోడలేనా?

పుస్తకం లాక్కుని ఆరో పేజీ తీసింది. ఇలాంటి వాక్యాలనే మొదటి రోజు తిట్టిపోసింది. ఇప్పుడు ఒక్కొక్క ముక్కా ఆగి చదివింది. "గడచిన పన్నెండు నెలలలో ఏ ఒక్క దినమునందైనను పది మంది గాని, అంతకు మించి గాని పనిచేసియున్నచో నాలుగవ అధ్యాయము వర్తించును." పుస్తకం మూసింది. "రేపు రాకపోతే ఏమవుతుందిరా? నిన్న వచ్చానుగా."

"నువ్వొచ్చినట్టు ఎవడికి తెలుస్తుంది?"

"ఆరు శనివారాలు సంతకం పెట్టాను. ఫ్రిజ్జు అంకెల కిందే ఉంది నా సంతకం. కావాలంటే చింపెయ్. ఆ అంకెలు ఏడాది దాచకపోతే అదింకో తప్పు. పంతొమ్మిదో నిబంధన."

తమ్ముడు కాగితాలు తిరగేశాడు. ప్రతి దాని కిందా "చూశాను". చింపడానికి వీల్లేకుండా వాడి లైసెన్సుకీ అక్కకీ ముడి పడిపోయింది.

ఆవిడ ఫారంలో పది అని వేసింది. బాధ్యుల గడిలో తన పేరు రాసి, వచ్చే వారం జరిగే శిక్షణకి దరఖాస్తు నింపింది. లేచి గోడ మీది పట్టికలో ఇరవై మూడో వరస గీసింది: నాలుగో అధ్యాయం, పర్యవేక్షణ, రోజూ ఏడింటికి. ఫారం తమ్ముడి ముందుకు తోసింది. వాడు మూతి ముడుచుకుని సంతకం పెట్టాడు.

కాసేపటికి తల ఎత్తకుండానే అడిగాడు. "రేపు ఎన్నింటికొస్తావ్?"

"చదవడం వచ్చుగా? గోడ మీదుంది, చూడు."