అర్జీలో పచ్చ రంగు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా అత్త తాయెత్తులు చూసి చాటుగా నవ్వుకునేదాన్ని. ఈ సంగతి ఇంకెవరైనా చెబితే కొట్టిపారేసేదాన్నే. నా కళ్లముందు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

నైజాం రోజులు, జర్మనీతో పెద్ద లడాయి నడుస్తోంది. గద్వాలలో ఒక సాహెబు ఇంట్లో మేం అద్దెకు ఉండేవాళ్లం. ఆయన కాపురం వనపర్తిలో. మా ఆయన చీరలు నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేదాన్ని.

మగ్గం గదిలో మా కంటే ముందున్నవాళ్లు వంట చేసేవారట, గోడలు పొగచూరి నల్లబడ్డాయి. ఆ మసకలో మా ఆయన ఒకే అంచులో రెండు ఎరుపుల పట్టు కలిపేశాడు. నూలిచ్చి నేయించుకునే షావుకారు చీర తిప్పి పంపాడు. ఇంకోసారి అదే తప్పు జరిగింది. మూడోసారైతే నూలు ఇవ్వనని చెప్పేశాడు. నూలు లేకపోతే మగ్గం ఆగుతుంది, మా పొయ్యీ ఆగుతుంది.

గోడలకు సున్నం వేస్తే చాలు. కానీ సాహెబు ఆ ఇంట్లో మేకు కూడా కొట్టనివ్వడు. అంతకుముందు అద్దెకున్న ఇద్దరు నోటితో అడిగి కాదనిపించుకున్నారు.

"అడిగి మాట పడుడెందుకే?" అన్నాడు మా ఆయన. ఆయనకు బల్లిని చూసినా భయమే. నేనే తాలూకా కచేరీ దగ్గర అర్జీలు రాసే మున్షీ దగ్గరికి పోయాను.

నేను తెలుగులో చెప్పాను, ఆయన ఉర్దూలో రాశాడు. ముందు సలాం, ఏ వీధిలో ఏ ఇల్లు, ఎన్నేళ్లుగా ఉంటున్నాం, గోడలు ఎట్లా ఉన్నాయి. తర్వాత ఒక్కో గదికి ఒక్కో రంగు, దానికి కారణం. మగ్గం గదికి తెల్ల సున్నం, చిటికెడు నీలిమందు వేసి, పట్టు అసలు రంగు తెలియడానికి. అందులో తుమ్మబంక కలుపుతాం, పొడి రాలి నూలుకు అంటకుండా. వంటింటి గోడ కింది భాగానికి ఎర్రమన్ను, మరకలు కనబడకుండా. ముందు గదికి పచ్చ, షావుకారు చీరలు చూసేది అక్కడే. ఖర్చు మాదే. దూలాలు, తలుపులు ముట్టుకోం. ఖాళీ చేసేటప్పుడు వద్దంటే మళ్లీ తెల్ల సున్నం వేసి పోతాం. దయచేసి జవాబు రాతలో ఇప్పించండి. వేలిముద్ర వేసి పంపాను.

రాతలో జవాబు రాలేదు. వారం తర్వాత పొద్దున బస్సుకు సాహెబే వచ్చాడు. ముసలాయన, చేతిలో నా అర్జీ. ఇల్లు ఖాళీ చేయమంటాడేమో అనుకుని మా ఆయన మగ్గం గుంటలోంచి లేవలేదు.

"ఈ రంగు నీకెవరు చెప్పిండ్రమ్మా?" అన్నాడు సాహెబు.

అర్జీ చదివి తెలుగులో వినిపించాడు. ముందు గదికి ఛాతీ ఎత్తు దాకా ఆకుపచ్చ, దానిపైన నాలుగు వేళ్ల వెడల్పున తెల్ల గీత.

నేను చెప్పింది పసుపుపచ్చ. గీత మాట నేను ఎత్తనే లేదు.

"మా అమ్మీ తన చేత్తోటి గిట్లనే ఏసింది. ఆమె పోయినంక మా నాయిన సున్నం కొట్టిచ్చిండు. గీకితే ఆమె చేతి పని పోతదని నేనెవ్వర్నీ ముట్టనియ్యలే," అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు.

తడిపి గీకమన్నాడు. ముందు గది గోడ తడిపి మెల్లగా గీకాను. పొర మీద పొర ఊడింది. అడుగున ఆకుపచ్చ కనిపించింది. ఛాతీ ఎత్తులో తెల్ల గీత. సాహెబు దాని మీద చెయ్యి ఆనించాడు. సరిగ్గా నాలుగు వేళ్లు.

"మల్ల గట్లనే ఎయ్యి. మిగిలిన గదులు నీ ఇష్టం. ఈ ఇంట్లో మీరుంటమన్నన్ని రోజులుండుండ్రి," అని అర్జీ కిందనే రాసి దస్తఖతు పెట్టాడు.

నేను నేరుగా మున్షీ దగ్గరికి పోయాను. "పచ్చ అంటివి, ఆకుపచ్చ అనుకోని ఉర్దూల సబ్జ్ అని రాసిన. గీత ఇంత వెడల్పని నాలుగు వేళ్లు నువ్వే బల్ల మీద ఆనిచ్చి చూపెడితివి గద," అన్నాడు ఆయన. మున్షీ రాయచూరు నుంచి వచ్చి రెండేళ్లు. మా గడప తొక్కనే లేదు. నేను వేళ్లు చూపించినట్టు నాకు గుర్తు లేదు.

మూడు రోజుల్లో సున్నం వేశాం. తెల్లగోడల మధ్య మా ఆయన నేసిన అంచులో ఎరుపు ఒక్కటే. ముందు గదిలో షావుకారు చీర విప్పితే, ఆకుపచ్చ గోడ ముందు ఆ ఎరుపు మండిపోయింది. ఇంకో నాలుగు చీరలకు నూలు అప్పుడే తూచి ఇచ్చాడు. సంతోషం పట్టలేక వాకిట్లో నిలబడి ఏడ్చేశాను.

పచ్చ మాటలో పొరపాటు జరిగిందంటే ఒప్పుకుంటాను. మన భాషలో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. ఆ గీత మాత్రం ఎవరు చెప్పించారో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరైనా సరే, బల్లికి భయపడే మనిషి మగ్గాన్ని వాళ్లే నిలబెట్టారు.