ఇన్సూరెన్స్ ఆయన వస్తున్నాడని వేసిన రంగు

మా ఆయనకు ఒక జబ్బుంది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, చీపురు పడతాడు. గుంటూరులో పెరిగినప్పటి అలవాటట. చుట్టం వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలి, లేకపోతే పరువు పోతుంది. ఈ గుణం వల్ల పెళ్లైనప్పటి నుంచీ నేను సుఖపడ్డాను గాని, పోయిన చలికాలంలో మాత్రం అది మా కొంప ముంచబోయింది.

ఈ చలిదేశంలో పోర్ట్‌లీష్ అనే ఊళ్లో మేము కొన్న ఇల్లు అది. అంతకుముందు ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో ఉన్నాం. ఖాళీ చేసిన ప్రతిసారీ ఓనరు గోడ మీద నల్లబూజు చూపించి, మీరు ఇల్లు సరిగ్గా చూసుకోలేదు అనేవాడు. ఆ మాట మా ఆయనకు చెప్పుతో కొట్టినట్టుండేది. సొంతిల్లు వచ్చాక ఇక ఆ మాట ఎవరూ అనకూడదని పంతం పట్టాడు. ఏటా క్రిస్మస్‌కి ముందు వంటగదికి రంగు వేస్తాడు, స్నానాలగది అంచులకు సిలికాన్ కొత్తగా పూస్తాడు, బాయిలర్ చూసే ప్లంబర్‌ని పిలిచి పైపులన్నీ తట్టి చూడమంటాడు. పైపులన్నీ బాగున్నాయని ప్లంబర్ బిల్లులో కూడా రాయించుకుంటాడు.

ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చేసరికి వంటగది నడుమ మా ఇంటి సీలింగే కింద పడి ఉంది. పైన స్నానాలగది నేల కింద పైపు అతుకు ఒకటి ఊడి, మేము లేనంతసేపూ నీళ్లు కారాయి. ఫ్లోరింగ్ ఉబ్బిపోయింది. పప్పుల అలమర కింద చెరువు. ప్లంబర్ వచ్చి అతుకు మార్చి, పాతది కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లాడు. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే, నష్టం చూడటానికి మంగళవారం మనిషిని పంపుతాం అన్నారు. ఏడుపొచ్చినా, పాలసీ ఉంది కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

సోమవారం ఆసుపత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికొస్తే వంటగది మెరిసిపోతోంది. మిగిలిన సీలింగుకు తెల్లరంగు! కూలిన ముక్కలు లేవు. కిటికీ గట్టు కూడా తుడిచేసి ఉంది.

“ఆ పైపు ముక్క ఏదండీ?” అన్నాను.

“పాతదేగా, చెత్తలో పడేశా. ఆయనొచ్చి చూస్తే ఏవనుకుంటాడు, ఇల్లంతా చింకిపాతలా ఉంటే?”

“ఆయన చుట్టం కాదండీ! చూడ్డానికొచ్చేదే ఆ చింకిపాతని!”

మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని, “డాడీ, యూ క్లీన్డ్ ద క్రైమ్ సీన్” అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ క్లెయిమ్ పోతే చలికాలమంతా వంటగది కప్పు లేకుండానే ఉండాలి. నేను కేకలేశాను, ఆయన మెత్తగా మా ఊళ్లో ఇలాగే చేస్తారన్నాడు. మీ ఊళ్లో ఇన్సూరెన్స్ ఎవడు చేయించుకున్నాడు అన్నాను. అన్నం తినకుండా పడుకోబోయాను గాని ఆయన కాచిన పప్పుచారు వాసనకు మనసు మారింది.

మంగళవారం వచ్చిన ఆయన ఇక్కడివాడే, నెమ్మదస్తుడు. చేతిలో తేమ కొలిచే మీటరు, టార్చిలైటు. మా ఆయన టీ, జంతికలు పెట్టాడు. పనిలో పనిగా చూపిస్తే దానికీ డబ్బిస్తారేమో అనుకుని, పైన చిన్నగదిలో నల్లబూజు పట్టిన గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ గదికి గాలి రావడానికి గోడలో రంధ్రం ఉంది. చలిగాలి కొడుతోందని మా ఆయన దాని మీద చర్చి క్యాలెండరు అంటించి, చుట్టూ టేపు వేశాడు. అక్కడే స్టాండు మీద బట్టలు ఆరేస్తాం. ఇన్సూరెన్స్ ఆయన క్యాలెండరు కొంచెం ఎత్తి చూసి, మళ్లీ మర్యాదగా పెట్టేశాడు.

“దీనికి మేము ఇవ్వలేం” అన్నాడు. “తేమ, బూజు, కుళ్లు, పురుగు తొలవడం, వాడకానికి అరగడం, మెల్లమెల్లగా పాడవడం, ఇవేవీ పాలసీలో రావు. అకస్మాత్తుగా జరిగినదానికే మేం ఉన్నది.”

మా ఆయన ముఖం పాలిపోయింది. “చెదలు కూడానా?” అన్నాడు. మన ఊళ్లో ద్వారబంధాలు తిన్న చెద గుర్తొచ్చిందేమో.

“ఆ పురుగు ఇక్కడ మాకు లేదు గాని, ఉన్నా రాదు. కర్ర తొలిచే ఏ పురుగైనా అంతే. అవన్నీ ఇంటివాళ్లు కనిపెట్టుకోవలసినవి” అని నవ్వాడు.

తర్వాత వంటగదికి వచ్చి కొత్త రంగు వైపు చూసి ఆగిపోయాడు.

“అతుకు ఒక్కసారిగా ఊడిందా, నెలల తరబడి చుక్కచుక్కగా కారిందా అన్నది నాకు కావాలి. కారితే సీలింగు మీద గోధుమరంగు వలయాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. రంగు కింద ఉన్నాయో లేవో ఎలా తెలుస్తుంది? ఊడిన ముక్క కూడా లేదంటున్నారు.”

మా ఆయన బల్ల మీద లేని దుమ్ము తుడవసాగాడు. పరువు కోసం చేసిన పనే పరువు తీస్తోంది. చూస్తే జాలేసింది. తిట్టిన నోటితోనే సాయం చేయాలనిపించి, ఆలోచించాను.

మా ఇంట్లో నెలకోసారి కుటుంబ ప్రార్థన జరుగుతుంది. అయ్యాక బిర్యానీ తినకముందే వంటగదిలో అందరూ నిలబడి ఫొటో దిగాలి, అది ఆచారం. నేస్ అనే ఊరి నుంచి వచ్చే ఒక అంకుల్ ఫోన్ పైకెత్తి తీస్తాడు, మనుషులు సగం, సీలింగు సగం. అందరం ఆయన్ని ఏడిపిస్తాం. నేను ఫోన్ తీసి, సీలింగు కూలడానికి ముందురోజు శనివారం తీసిన ఫొటో చూపించాను. దాని ముందు నెలది, ఆ ముందుది కూడా. ప్రతిదాన్లోనూ మా తలల మీద తెల్లటి సీలింగు, ఒక్క మరక లేకుండా.

ఇన్సూరెన్స్ ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. మనుషుల్ని చూడలేదు. ప్లంబర్ బిల్లులు అడిగితే మా ఆయన కట్ట తెచ్చాడు. ఆ అతుకు మార్చిన బిల్లులో, తుప్పు గాని పాత కారుడు మరక గాని లేదని ప్లంబర్ రాసి ఉంచాడు. ఇన్సూరెన్స్ ఆయన నిచ్చెనెక్కి, చిల్లులోంచి దూలాలను స్క్రూడ్రైవరుతో పొడిచాడు. తడిగా ఉన్నాయి గాని గట్టిగా ఉన్నాయి, ఎక్కడా కుళ్లి మెత్తబడలేదు.

“ఈసారి ఏదైనా జరిగితే, మేం వచ్చేదాకా ముక్కలు పారేయకండి. రంగు అసలే వేయకండి” అని చెప్పి, జంతికలు రెండు జేబులో వేసుకుని వెళ్లాడు. ఏమీ తేల్చి చెప్పలేదు. ఆ వారమంతా ఫోన్ మోగితే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం. మా ఆయన మాత్రం ఒక మంచి పని చేశాడు. క్యాలెండరు పీకేసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చిన్నగది గోడ తనే కడిగాడు. ఆ గదిలో చలి కొడుతోందని అమ్మాయి గొణిగితే, రెండు సాక్సులు వేసుకో అన్నాడు.

శుక్రవారం ఫోన్ నాకు వచ్చింది. స్పీకరులో పెట్టాను. సీలింగుకు, ఫ్లోరింగుకు డబ్బిస్తారట. పైపు అతుకు ఖర్చు మాదే. చిన్నగది బూజు మాదే. నేను థాంక్స్ చెప్పి పెట్టేయబోతుంటే, ఆయన, “మీది బాగా చూసుకున్న ఇల్లు. అందుకే నాకు పని తేలికైంది” అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. మా ఆయన కప్పులేని వంటగదిలో నిలబడి, “చివర ఏవన్నాడు?” అన్నాడు.

“విన్నారుగా.”

“విన్నాలే. నువ్వొకసారి చెప్పు.”

చెప్పాను. తెలుగులో చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు.