విషయం: పాఠం రికార్డు చేసుకొనుటకు అనుమతి

మా డిపార్ట్‌మెంటు ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమస్తాను. వచ్చిన ఉత్తరానికి నెంబరు వేయడం, సంతకాలకి పంపడం, తిరిగొచ్చాక ఫైల్లో పెట్టడం నా పని. నాకు నోరు కాస్త ఎక్కువ. అందులోనూ పిల్లలు రాసే ఉత్తరాలు చూస్తే ఒళ్లు మండుతుంది. గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపువాడి దగ్గర ప్రపంచంలోని ప్రతి కష్టానికీ ఒక నమూనా తయారుగా ఉంటుంది. పేరూ తేదీ మార్చుకుని పట్టుకొస్తారు.

“మళ్లీ” తెచ్చిన మొదటి ఉత్తరం కూడా అక్కడిదే.

మళ్లీ అంటే ఆ అమ్మాయి పేరు కాదు. ఏం చెప్పినా “మళ్లీ చెప్పండి” అంటుందని తోటివాళ్లు పెట్టిన పేరు. పదకొండో ఏట వచ్చిన జ్వరం పోతూ పోతూ చెవుల్లో సగం పట్టుకుపోయిందట. మిగతా సగం ఏడాదికింత తరుగుతోంది. జుట్టు కింద చిన్న మిషను పెట్టుకుంటుంది. అది గోలనీ మాటనీ ఒకేలా పెద్దది చేస్తుంది కాబట్టి, ఎదుటివాళ్ల పెదాలు చూసి మిగతాది పట్టుకుంటుంది. తండ్రి లేడు. తల్లి బట్టలు కుడుతుంది. ఇంజనీరింగులో అన్ని పేపర్లూ గట్టెక్కాయి, ఒక్క బలాల శాస్త్రం తప్ప. రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే కోర్సులోంచి పేరు తీసేస్తారు. పరీక్ష ఐదు వారాల్లో ఉంది. అందుకే జూనియర్లతో కూర్చుని ఆ పాఠాలు మళ్లీ వింటోంది.

వింటోంది అనడం నా పొరపాటు. ఆ పాఠం చెప్పేది బీమ్ సారు. ముప్పై ఏళ్లుగా దూలాల గురించే చెబుతున్నారని ఆ పేరు. చెక్క స్కేలుని రెండు డస్టర్ల మీద పెట్టి, మధ్యలో వేలితో నొక్కి, “ఎక్కడ ఎక్కువ వంగబోతుందో అక్కడే విరుగుతుందిరా, మనుషులైనా అంతే” అని నవ్వించేవారు. అవన్నీ పుస్తకంలో ఉండవు, కానీ పరీక్షలో లెక్క తెగేది వాటితోనే. ఆయన అలవాటేమిటంటే, బోర్డు మీద రాస్తూ బోర్డుతోనే మాట్లాడతారు. క్లాసుకి కనిపించేది వీపు. వీపుకి పెదాలుండవు కదా.

మొదటి ఉత్తరంలో ఇవేవీ లేవు. “నోట్సు తోటి విద్యార్థులతో పంచుకొను నిమిత్తం తమరి పాఠములు రికార్డు చేసుకొనుటకు అనుమతించ ప్రార్థన” అని ఒకే ఒక్క వాక్యం. బీమ్ సారు దాని మీద ఎర్ర సిరాతో “కుదరదు” అని రాసి పంపారు.

ఎందుకు రాయరు మరి! రెండేళ్ల క్రితం ఎవడో వెధవ దొంగతనంగా రికార్డు చేశాడు. ఆయన ఒక లెక్కలో తడబడి, సుద్ద కింద పడేసుకుని, తనని తానే తిట్టుకున్న అరనిమిషం కోసి, నవ్వులు అతికించి ఊరంతా పంపాడు. తాతయ్యని చూసి ఎంత నవ్వొచ్చిందోనంటూ సొంత మనవరాలే ఫోను తెచ్చి ఆయనకి చూపించిందట. ఆ రోజునుంచి క్లాసులో ఫోను కనిపిస్తే చాలు, ఆయన పాఠం ఆపేస్తారు.

ఎర్ర సిరా చూసి ఆ అమ్మాయి నా బల్ల దగ్గరే కూలబడింది.

“అసలు సంగతి ఎందుకు రాయలేదే?” అన్నాను, మొహం తనవైపు పెట్టి.

“చెవుడని ఫైల్లో పడితే రేపు ఉద్యోగం ఎవరిస్తారక్కా?”

“పేపరు పోతే ఉద్యోగం దాకా వెళ్తావా? ఆ కాగితం ఇటు తే. నీ నోటితో నువ్వే చెప్పు, నీ చేత్తో నువ్వే రాయి. ఆ షాపువాడి భాష ఒక్క ముక్క కనిపించిందో, నేనే చింపేస్తాను.”

రెండో ఉత్తరం రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. తనకి ఎంతవరకు వినపడుతుందో రాసి, డాక్టరు కాగితం జత చేసింది. ఈ పేపరు పరీక్ష వరకే రికార్డు చేస్తానంది. ఫోను ఆయన బల్ల మీదే, ఆయన కళ్లెదుటే ఉంటుంది. వేరే విద్యార్థి మాట్లాడితే ఆపేస్తుంది. ఇంట్లో వాళ్లమ్మ విని కాగితం మీద పెడుతుంది. ఆ రాత నోట్సు మాత్రం, ఇదే పేపరు తప్పిన మరో ముగ్గురికి ఇస్తుంది. గొంతు ఎవరికీ పంపదు, పరీక్ష కాగానే చెరిపేస్తుంది. ఆయన ఎప్పుడు వద్దంటే అప్పుడు మానేస్తుంది. హెడ్డుగారు సిఫారసు రాశారు. మర్నాడు బీమ్ సారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

నాకు దేవుడు కనిపించినంత సంబరమైంది. ఆ సంబరం తర్వాతి క్లాసు వరకే.

ఫోను బల్ల మీద పెట్టిన మొదటి రోజు బీమ్ సారు పాఠ్యపుస్తకం తెచ్చారు. ముప్పై ఏళ్లలో ఆయన చేతిలో అది చూసినవాళ్లు లేరు. తెరిచి, అక్షరం పొల్లుపోకుండా చదివారు. స్కేలు లేదు, డస్టర్లు లేవు, నవ్వు లేదు. ఎవరైనా సందేహం అడిగితే ఫోను వైపు ఓసారి చూసి “పుస్తకంలో ఉంది” అన్నారు. రెండో రోజూ అంతే. వారం తిరిగేసరికి క్లాసులో సగం మంది రావడం మానేశారు. వచ్చినవాళ్లు “మళ్లీ” వంక గుర్రుగా చూశారు. “నీ పుణ్యమా అని మాకూ చెవుడొచ్చింది” అని ఒకడు, తనకి కనపడేలా నిలబడి మరీ అన్నాడు.

ఇంటి దగ్గర తల్లి, కుట్టుమిషను ఆపుకుని చెవుల్లో వైర్లు పెట్టుకుని రాస్తోంది. పదో తరగతి చదివిన మనిషి. రోజూ నాలుగేసి పేజీలు. ఐదో రోజు పెన్ను కింద పెట్టేసిందట.

“ఇదంతా పుస్తకంలో ఉన్నదేగా తల్లీ? అక్షరం తేడా లేదు. నేను రాసిచ్చేదేముంది?”

పరీక్షకి పంతొమ్మిది రోజులుందనగా ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి మూడో ఉత్తరం తెచ్చింది. రాత్రంతా ఏడ్చిన మొహం. నన్ను చూడలేదు, ఉత్తరం పెట్టి వెళ్లి కారిడార్లో నిలబడింది.

“సార్, నాకిచ్చిన అనుమతి దయచేసి వెనక్కి తీసుకోండి. ఫోను ఉంటే మీరు మీలా చెప్పలేకపోతున్నారు. నాకు వినపడకపోవడం నా ఒక్కదాని కష్టం. మిగతావాళ్లకి మీరు వినపడాలి.”

నెంబరు వేయడానికి నాకు చెయ్యి రాలేదు. చింపేద్దామనిపించింది. కానీ అది తన చేత్తో తను రాసుకున్న ఉత్తరం, చింపే హక్కు నాకెక్కడిది? నెంబరు వేసి, నేనే పట్టుకెళ్లి బీమ్ సారు ముందు పెట్టాను.

చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

“ఎక్కడుందమ్మా ఆ పిల్ల?”

“అదిగో సార్, వెళ్లిపోతోంది.”

ఆయన గుమ్మంలోకి వచ్చి పిలిచారు. ఇంకోసారి గట్టిగా పిలిచారు. కారిడార్లో అందరూ తిరిగి చూశారు, ఆ అమ్మాయి ఒక్కతే చూడలేదు. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతోంది. మూడోసారి పిలవడానికి తెరిచిన నోరు ఆయన అలాగే ఉంచేశారు. డాక్టరు కాగితం చదివి సంతకం పెట్టిన మనిషికి, వినపడకపోవడమంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

నేను పరుగెత్తబోయాను. ఆయన చేత్తో ఆపి, మోకాళ్ల నొప్పులతోనే గబగబా దిగి తనకి ఎదురుగా వెళ్లి నిలబడ్డారు. ఏదో చెప్పబోయి ఆగి, జేబులోంచి పెన్ను తీసి ఆ ఉత్తరం మీదే గోడకి ఆనించి రాసిచ్చారు. సాయంత్రం అది ఫైలుకి నా దగ్గరికే వచ్చింది.

“అనుమతి వెనక్కి తీసుకోను. రేపు ఫోను పెట్టు. పుస్తకం తేను. నీవైపు తిరిగే చెబుతాను. నాకు భయం పోలేదు, తడబడతాను. తడబడింది కూడా మీ అమ్మగారిని రాయమను.”