పెరిగిన అంకె చూసి మురిసిన వారం

మా ఆయనకు ఆ స్మార్ట్‌వాచీ కట్టింది నేనే. నాకోసమే కొనుక్కున్నాను గానీ, బడిలో పాఠం చెబుతుంటే పట్టీ కింద ఒకటే దురద. అరకు కొండల్లో మా కాఫీ తోట చూసుకునేది ఆయన. రోజంతా ఎక్కడం, దిగడమే. పోనీ ఆయన చేతికే ఉండనీ అనుకున్నాను.

మర్నాడు ఫోన్లో చూద్దును కదా, నిద్రలో గుండె నిమిషానికి నలభై నాలుగుసార్లే కొట్టుకుందట! నాకు ముచ్చెమటలు పోశాయి. నాది అరవై దిగేది కాదు మరి.

"ఏటండీ, మీ గుండె సగం పనే సేత్తందా?" అని అరిచాను.

"నిద్దట్లో దానికీ సెలవేమోనే," అని నవ్వారాయన.

నాకు నవ్వు రాలేదు. ఒంట్లో బలం లేదని నేనే తీర్పు చెప్పేసి పొద్దున రాగి అంబలి, సాయంత్రం పల్లీలు, బెల్లం కూరడం మొదలుపెట్టాను. కొన్నాళ్లు ఆ అంకె కదల్లేదు. ఆ తర్వాత అంకె లేచింది: నలభై తొమ్మిది, యాభై నాలుగు, యాభై ఎనిమిది. నా సంబరం చూడాలి! స్టాఫ్ రూములో ఒక్కరినీ వదలకుండా చెప్పుకున్నాను. ఇక్కడ ఈయనేమో మంచం దిగడానికి బద్ధకిస్తున్నారు.

"బలం వచ్చాక ఇంకేటి బద్ధకం? బేగి లెగండి, పళ్లు కోసేవాళ్లు వచ్చేత్తారు," అని తరిమాను.

ఆ మధ్యాహ్నమే కాఫీ గింజలు ఆరబోసిన కళ్లంలో ఎండలో కూర్చుని వణుకుతూ కనిపించారు. ఆసుపత్రికి పరుగెత్తాం. నా తెలివి చూడండి, డాక్టరమ్మకు ఫోన్ చూపించి, "నలభై నాలుగుంటే ఇంతదాకా తెచ్చానండీ," అన్నాను.

ఆవిడ తల పట్టుకుంది. "నిద్రలో ఒంటికి పని ఉండదమ్మా, రక్తం అంతగా అక్కర్లేదు. గుండెను నెమ్మదింపజేసే నరాలదే అప్పుడు పైచేయి. అందుకే అంకె అప్పుడే బాగా దిగుతుంది. పైగా రోజూ కొండలెక్కే గుండె ఒక్కో దెబ్బకూ ఎక్కువ రక్తం తోస్తుంది. కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం లేనప్పుడు నలభై నాలుగు ఆయనకు మామూలే. మీదాంతో పోల్చకూడదు. ఆయన మామూలు అంకె కంటే వరసగా పైకి పోతుంటే అప్పుడడగాలి, నిద్ర చాలట్లేదా, మందు తాగారా, జ్వరం వస్తోందా అని. కారణం వాచీ చెప్పదు, పరీక్ష చెయ్యాలి."

రక్తం చూస్తే మలేరియా. మందులు మొదలుపెట్టారు, భయం లేదన్నారు. మంచం పక్కన కూర్చుని నా కోపమంతా ఆయన మీదే చూపించాను.

"సలేత్తందని ముందే సెప్పొచ్చు కదా!"

"సెబుదామనే అనుకున్నానే. పొద్దున్నే ఆ అంకె సూసి నువ్వు తెగ మురిసిపోతన్నావు. పాడు సెయ్యడం ఎందుకులే అని ఊరుకున్నాను."

నన్ను తిట్టినా బాగుండేది.