అత్తను ఓర్చుకోమన్న నెలలు

మా అత్తకు బొడ్డు పక్కన నిమ్మకాయంత వాపు కనిపించిన రోజు నేనే ఆమెను కోవిల్‌పట్టిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. స్కానింగ్ చూసి ఆయన హెర్నియా అన్నాడు. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోమన్నాడు.

నేను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాను. ఇంట్లో అందరికీ కలిపి ఆరోగ్య బీమా తీసుకున్నదీ, ఆ పాలసీ పుస్తకం కూర్చుని చదివిందీ నేనే. హెర్నియా, కంటిపొర, మోకాలి మార్పిడి వంటివాటికి రెండేళ్లు నిండితేనే బీమా వర్తిస్తుంది. మాకింకా కొన్ని నెలలు తక్కువ.

"అత్తా, దీపావళి దాకా ఓర్చుకొంటావా? ఇప్పుడు చేస్తే ఒక పైసా ఇయ్యరు" అన్నాను.

"సరిమ్మా. నీవు చదివిండేదానివి, నీకు తెలీదా" అంది.

నడుముకు బెల్టు కట్టుకుంది. నేను చూడనప్పుడు నీళ్ల బిందె ఎత్తేదని తరవాత తెలిసింది. నొప్పి ఎట్లా ఉందని అడిగినప్పుడల్లా "పరవాలేదు" అనేది. ఆ మాట వినడం నాకూ సుఖంగానే ఉండేది. అందుకే రెండోసారి అడిగేదాన్ని కాదు.

దీపావళి పోయింది, గడువు నిండింది. ఆపరేషన్‌కు రోజు కూడా చూసుకున్నాం. ఆ రోజు రాకముందే ఒక ఉదయం ఆమె వాంతులు చేసుకుంటూ గోడకు ఆనుకుని కూర్చుంది. వాపు రాయిలా గట్టిపడింది. మా పాలసీ చెల్లే ఆసుపత్రి విరుదునగర్‌లో ఉంది. సాత్తూరు దాటేదాకా ఆంబులెన్స్‌లో అత్త నా చెయ్యి వదలలేదు.

పేగు అందులో ఇరుక్కుని నల్లబడిందట. కొంత ముక్క తీసేయాల్సి వచ్చింది. "మొదట్లోనే వచ్చుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది" అన్నాడు సర్జన్. నా భర్త నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఐసీయూ నుంచి బయటికి తెచ్చినప్పుడు ఏసీ సింగిల్ రూమ్ కావాలన్నాను. బీమా కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆపింది.

"అక్కా, మీ పాలసీలో రూమ్ అద్దెకు పరిమితి ఉంది. దాటితే అద్దెలో తేడా ఒక్కటే మీ మీద పడదు. డాక్టరు ఫీజు, నర్సింగ్ చార్జీలు కూడా అదే లెక్కన కోస్తారు. మందులకు మాత్రం ఆ కోత లేదు. పెద్దావిడను అరవై దాటాక పాలసీలో చేర్పించారు కాబట్టి బిల్లులో అయిదో వంతు ఎటూ మీదే."

ఇవన్నీ నాకు తెలుసు. అయినా ఆ గదే తీసుకున్నాను. అత్తకు ఏదో ఒకటి ఇచ్చుకోవాలనిపించింది.

మరునాడు అత్త అంది, "ఈడ ఒక మనిషి లేదు. సలి వేరే. బయంగా ఉండాది. నలుగురు ఉండే గదిలో పెట్టమ్మా."

సాయంత్రం నలుగురుండే గదికి మార్చారు. పక్క మంచం ఆమె తిరుచ్చులి నుంచి వచ్చింది, మాలాగే బయట తమిళం, ఇంట్లో తెలుగు. అత్త ముఖం తేటపడింది. ఆ సింగిల్ రూమ్ నా కోసం తీసుకున్నానని అప్పుడు తెలిసింది.

ఇంతలో బీమా కంపెనీ ఆసుపత్రికి నేరుగా కట్టే క్యాష్‌లెస్ చెల్లింపు ఆపింది. చేర్చిన రోజు డ్యూటీ డాక్టరు ఎన్నాళ్లుగా ఉందని అడిగితే, నా భర్త కంగారులో "శానా ఏండ్లుగా" అన్నాడట. కేస్ షీట్‌లో అట్లాగే రాశారు. పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బును దాచామని తేలితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. కోవిల్‌పట్టి డాక్టరు మొదటి చీటీ, స్కానింగ్ రిపోర్టు తెచ్చాను. రెండింటి మీదా పాలసీ తరవాతి తేదీలే. వాటిని చూసి సర్జన్ వివరణ రాసిచ్చాడు. డిశ్చార్జి నాటికి అనుమతి వచ్చింది. మా అయిదో వంతు, సింగిల్ రూమ్ వల్ల పడిన కోత మేం కట్టుకున్నాం.

బట్టలు సర్దుతుంటే అత్త పక్క మంచం ఆమెతో అంటోంది: "మా కోడలు అన్నీ చదివి పెట్టుకోనుండాది. అది లేకుంటే మా గతి ఏమి?"

నేను ఆగలేకపోయాను. "అత్తా, ఓర్చుకోమన్నది నేనే కదా. దానివల్లనే ఇంత దూరం వచ్చింది."

అత్త మంచం మీద నుంచి నా వైపు తిరిగింది.

"అవును" అంది. "శానా నొచ్చె. రాత్రుల్లో తలగడ కరుచుకోని పడుకొంటిని. నీతో చెప్పుంటే నీవు విందువు. నేనే చెప్పలేదు."

విని ఉండేదాన్నో లేదో నాకు తెలియదు. ఆమె మాత్రం ఏ అనుమానమూ లేకుండా అంది. నేను చెయ్యందిస్తే పట్టుకుని మెల్లగా మంచం దిగింది.